అమావాస్యకు మాయమైన నాడె

నేను రాసిన కోడు పడిపోయిందని చెప్పగలిగిన మనిషి కృష్ణకు ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. మా తెలకపల్లిలో బోరు మోటార్లు కాలిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పేలిపోతాయి, కొత్త రోడ్డు మొదటి వానకే లేచి పక్క మండలానికి వెళ్లిపోతుంది. నా కోడు మాత్రం నిలబడి ఉంటుంది.

ఈ మాట గద్వాలలో బస్సు దిగి చేనేత సంఘం హాలు దాకా నడుస్తూ గీతకు చెప్పాను. ఆమె వినలేదు. ల్యాప్‌టాప్ సంచిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని నడుస్తోంది.

అరగంట గడవకముందే నా కోడు పడిపోయింది. హాలు నిండా నేతగాళ్లు చూస్తుండగా, ప్రొజెక్టర్ వెలుగులో, గోడంత ఎత్తున పడిపోయింది.

గీతా నేనూ వనపర్తిలో కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నాం. ఆమెది గద్వాల. వాళ్ల నాన్న బసవయ్య చీరలు నేస్తాడు. నాది సేద్యం చేసే ఇల్లు కాబట్టి మగ్గం గురించి నాకు తెలిసినదంతా ఆ ఇంట్లో భోంచేస్తూ తెలుసుకున్నదే.

మేం పట్టుకొచ్చింది ఒక ఆట. చతురస్రపు దిమ్మెలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ఆట. ఉచితంగా దొరుకుతుంది. అందులో లేనిదేదైనా కావాలంటే లువా అనే భాషలో నాలుగు లైన్లు రాసి కలుపుకోవచ్చు. అలా కలిపేదాన్ని మాడ్ అంటారు. చీర అంచు డిజైను గళ్ల కాగితం మీద గీస్తారు కదా, ఆ గళ్లూ ఈ దిమ్మెలూ ఒకటేనని గీతకు ఒకరోజు తట్టింది. నేతగాళ్ల పిల్లలు ఎలాగూ ఫోన్లు వదలరు. ఆ ఆటలోనే మగ్గం పెడితే?

నేను "మగ్గం" అనే మాడ్ రాశాను. అందులో మగ్గం, నూలు, పట్టు, జరీ, పోగుల మధ్య అటూ ఇటూ దూసుకుపోయే నాడె ఉంటాయి. గీత "చీర" అనే మాడ్ రాసింది. అంచులు, కొంగులు, అవి నడుమ బట్టతో కలిసే తీరు అంతా అందులో ఉంది. ఆమె మాడ్ నా మాడ్ మీద ఆధారపడి నడుస్తుంది. ఆ సంగతి సెట్టింగుల ఫైలులో రాసి ఉంది కాబట్టి ఆట ముందు నాదాన్ని ఎక్కించుకొని, తర్వాత ఆమెదాన్ని ఎక్కించుకుంటుంది.

ఇదంతా సంఘం వాళ్లకు చూపించడం ఎందుకంటే, హాలు వెనక ఒక గది ఖాళీగా ఉంది. అది ఇస్తే గీత ఆదివారాలు పిల్లలకు డిజైన్లు నేర్పుతానంది. ఇవ్వకపోతే మర్నాడు వచ్చే నూలు లారీ సరుకంతా అందులో దింపుతారు. నూలు ఒకసారి గదిలో చేరితే తిరిగి బయటికి వచ్చేది చీరగానే, అంటే గది మళ్లీ ఖాళీ కాదు. బసవయ్య ఎప్పుడూ సంఘంలో నోరు తెరవని మనిషి. ఆయన లేచి నిలబడి "నా బిడ్డ చూపిస్తది, చూసినంక చెప్పుండ్రి" అన్నాడట. అది గీత నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొంచెం భయపడింది.

రోజు నిర్ణయించింది కూడా ఆమే. అమావాస్య. ఆరోజు గద్వాలలో వీళ్లెవరూ మగ్గం ముట్టరు. ఊళ్లో నేతగాళ్లంతా ఒకచోట కూర్చోవాలంటే ఇక వేరే రోజు లేదు.

ఆ రోజు మాట విన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. "మంచిదే" అన్నాను.

హాల్లో కిటికీలు మూశారు. ముందు వరసలో సంఘం పెద్ద పెంటయ్య కూర్చున్నాడు. ఆయన పక్కన బసవయ్య తెల్లటి కొత్త చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు.

"మొదలువెట్టు బిడ్డా," అన్నాడు పెంటయ్య. "మా ముసలోళ్లకు గుడ సమజైతట్టు చెప్పు జర."

గీత ఆట తెరిచింది. మాడ్‌లు ఎక్కుతున్నట్టు అడుగున ఒక పట్టీ నిండుతూ వచ్చింది. సగంలో ఆగింది. మొత్తం మాయమై, గోడ మీద ఇంగ్లిషు అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. వాటి సారాంశం ఇది: "చీర" మాడ్‌లో ముప్పై ఒకటో లైను దగ్గర ఒక వస్తువు లోపలికి చెయ్యి పెట్టబోయారు, కానీ అక్కడ వస్తువే లేదు.

"ఇదేనా ఆట?" అన్నాడు వెనక నుంచి ఎవరో. "మా మనుమడు ఆడేదాంట్ల తుపాకులుంటయి."

నవ్వారు. బసవయ్య నవ్వలేదు.

గీత మళ్లీ తెరిచింది. మళ్లీ అదే లైను, అదే మాట. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్న రాత్రి దాక నడిచింది నాయినా," అంది బసవయ్య వైపు తిరిగి. "నేనేం ముట్టలే."

"జర నిమ్మళంగ చూడు," అన్నాడాయన. ఆ గొంతులో నిమ్మళం లేదు.

ఇక్కడ నా ముఖం గురించి చెప్పాలి. నేను చాలా గంభీరంగా ఉన్నాను. అంత గంభీరమైన ముఖం మా ఇంట్లో ట్రాక్టర్ లోను తీసుకున్న రోజు కూడా ఎవరూ పెట్టలేదు.

"ఏమైంది గీతా?" అన్నాను.

"ముప్పై ఒకటో లైన్‌ల నీ నాడె బొమ్మను తీస్కొని మగ్గం బొమ్మ మీద అతికిస్తున్న. నాడె లేదంటుంది."

"ఎందుకు లేదు?"

"అదే నేనడిగేది. నీ మాడ్‌ల ఏమన్న మార్చినవా?"

"పదిహేను రోజుల నుంచి ఒక్క అక్షరం మార్చలే," అన్నాను. ఇది నిజం. పదిహేను రోజుల కిందట మార్చాను.

గీత అనుకున్నంత తేలిక మనిషి కాదు. ముందు ఆట లోకం ఉన్న ఫోల్డరును మొత్తం వేరేచోటికి కాపీ చేసింది. ఏం చెడిపోయినా అది మిగలాలని. తర్వాత తన "చీర" మాడ్ ఒక్కదాన్నీ ఆపేసి ఆట తెరిచింది. ఈసారి తెరుచుకుంది.

గోడ మీద చిన్న ఊరు కనబడింది. మట్టి మిద్దెలు, వేపచెట్టు, సంఘం హాలు. ముసలివాళ్లు ముందుకు వంగారు. గీత మగ్గాల ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచింది. నూలు ఉంది, పట్టు ఉంది. నాడెలు ఉండాల్సిన గడిలో మాత్రం పేరు తెలియని వస్తువని చెప్పే గుర్తు ఉంది.

"అది ముట్టకు," అని తనకు తానే చెప్పుకుంది. "పేరు లోపల్నే ఉంటది. మాడ్ సరైతే నాడె మళ్ల వస్తది." తర్వాత నా వైపు చూసింది. "మగ్గం వచ్చింది, నూలు వచ్చింది. అంటే నీ మాడ్ ఎక్కింది. దాంట్లకెల్లి నాడె ఒక్కటే ఎట్ల మాయమైతది రా?"

"నేను చూస్త," అని కీబోర్డు లాక్కున్నాను.

నా ఫైలు తెరిచాను. తీసేయాల్సిన లైను ఎక్కడుందో నాకు తెలుసు. తీసేయడానికి రెండు క్షణాలు చాలు. కానీ నా ప్రతి అక్షరం గోడ మీద మనిషంత ఎత్తున పడుతోంది. మీట ఒకటి నొక్కితే గద్వాల మొత్తానికి కనబడుతుంది. నేను ఆ లైన్ల మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న ఊరు దాటినట్టు దాటించి, అడుగుకు వెళ్లి ఆగాను.

"అంత మంచిగనే ఉంది," అన్నాను. "ల్యాప్‌టాప్ ఏడెక్కి ఉంటది. గీతా, జర మంచినీళ్లు తెస్తవా?"

"నువ్వే పొయ్యి తాగు," అంది. కదల్లేదు.

వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. కరెంటు అన్నారు. దిష్టి అన్నారు. ఒకాయన బీడీ కోసం లేచాడు, ఆయనతో ఇంకో ఇద్దరు లేచారు. పెంటయ్య గోడ గడియారం వైపు చూశాడు. అప్పుడు సంఘం గుమస్తా దానియేలు ఆఫీసు గదిలోంచి తల బయటికి పెట్టాడు.

"బిడ్డా, మా కంప్యూటర్ల ఏసి చూడరాదు? పాతదే కని, దానంత మొండిది లేదు."

గీత ఆట మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఆఫీసులోకి పరిగెత్తింది. నేను వెనకే వెళ్లాను. ఆ కంప్యూటరు నా కంటే పెద్దది, వయసులో. రెండు మాడ్‌లూ కలిపి ఎక్కించింది. పట్టీ నత్తలా నిండింది. సగం దాటింది. చివరికి చేరింది. ఆట తెరుచుకుంది.

నాడెలు పెట్టెలో వరసగా ఉన్నాయి. మగ్గం మీద గీత దిమ్మెలతో దింపిన బసవయ్య అంచు ఉంది.

"చూసినవా!" అన్నాడు దానియేలు. "పాతది బంగారమమ్మా."

"నేను చెప్పలే?" అన్నాను ఊపిరి పీల్చుకొని. "ల్యాప్‌టాప్‌దే తప్పు. దీన్నే హాల్లకు మోద్దాం పా."

గీత కదల్లేదు. "అదే ఫోల్డర్. అవే ఫైళ్లు. ఒక్క అక్షరం తేడా లేదు. అక్కడ నడవది, ఇక్కడ నడుస్తది." తెర మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా ఒక్కొక్కటీ చూస్తూ వచ్చింది. వేలు కుడి మూల కింద ఆగింది. "దానియేలన్నా, ఇది జనవరి ఒకటి అంటుందేంది? 2009 అంట."

"దానికి తేదీ తెల్వదమ్మా. లోపల బ్యాటరీ సచ్చింది. ఎప్పుడు ఆన్ చేసినా ఆడికే వస్తది. బిల్లుల మీద తేదీ నేను చేత్తో రాసుకుంట."

గీత ఆ తేదీ మీంచి వేలు తీయలేదు. నాకు నిజంగానే దాహం వేసింది.

ఆమె హాల్లోకి నడిచి వెళ్లింది. ఈసారి పరిగెత్తలేదు. ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ ఆపి, తేదీని నిన్నటికి జరిపింది. "చీర"ను మళ్లీ కలిపి ఆట తెరిచింది. తెరుచుకుంది. మూసి, తేదీని ఇవాళ్టికి తెచ్చి తెరిచింది. పడిపోయింది.

"నిన్న నడిచింది," అంది గట్టిగా, ఎవరితోనూ కాకుండా. "ఇయ్యాల నడవది. ఇయ్యాల ఏమున్నది?"

జవాబు హాలు మొత్తం ఇచ్చింది.

"అమావాస్య."

ఆ తర్వాత జరిగింది నేను అనుకోనిది. ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఒక ముసలాయన లేచి, గోడకు, అంటే గోడ మీది మగ్గానికి, చేతులు జోడించాడు.

"యంత్రమైనా మగ్గం మగ్గమే కదయ్యా," అన్నాడు. "అమావాస్య నాడు ముట్టిస్తిమి. అది ఊకుంటదా?"

"నేను పొద్దుగాల్నే అనుకున్న," అన్నాడు ఇంకొకడు. "ఇయ్యాల పెట్టుకోవద్దుండే."

కుర్చీలు వెనక్కి జరిగాయి. బసవయ్య లేచి నిలబడ్డాడు. కూతురి వైపు కాకుండా పెంటయ్య వైపు చూశాడు.

"తప్పైంది పెద్దయ్యా. రోజు బిడ్డకు నేనే చెప్పాల్సి ఉండే. నూలు ఆ గదిల్నే దించుకోండ్రి."

ఆ కొత్త చొక్కా వీపు మీద చెమటతో అంటుకుపోయి ఉంది. అది చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాను.

గీత నా దగ్గరికి వచ్చింది. మెల్లగా మాట్లాడింది. అరిచి ఉంటే బాగుండేది.

"మా ఇంటికి ఒక అమావాస్యకు వచ్చినవు. నాడె పట్టుకొని ఫొటో దిగబోతే మా నాయిన చేతి మీద కొట్టిండు. యాదికుందా?"

"ఉంది."

"తేదీ చూసి నాడెను దాచేది ఆ ఫైల్‌ల ఏడుంది?"

"నలభై నాలుగో లైను."

అది ఇలా పనిచేస్తుంది. పాత అమావాస్య ఒకదాన్ని పట్టుకొని, అక్కడి నుంచి ఇరవై తొమ్మిదిన్నర రోజుల చొప్పున లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఇవాళ అమావాస్య అయితే నాడెను ఆటకు పరిచయం చేయదు. అంతే. గీత నాడె కోసం ఊరంతా వెతుకుతుంది, నేను "ఏం గీతా, అమావాస్య కదా, మీ నాయిన తిడ్తడు" అంటాను, అందరం నవ్వుతాం. నా ఆలోచన అంతవరకే. వస్తువు పేరును ఊరికే ఎక్కడైనా రాస్తే ఆట ఏమీ అనదు. లేని వస్తువు లోపలి బొమ్మను తీయమంటేనే చేతులెత్తేస్తుంది. గీత ముప్పై ఒకటో లైను చేస్తున్నది సరిగ్గా అదే. నా మాడ్ ముందుగా ఎక్కడం ఒకటి, అందులో ప్రతి వస్తువూ ఉండటం ఇంకొకటి. ఆ తేడా నేను ఆలోచించలేదు.

"నేను రెండు లైన్లల్ల సరిచేస్త," అంది గీత. "అది కాదు కష్టం. సరిచేసినా వీళ్లు అమావాస్యే పడగొట్టిందంటరు. గది రాదు. మా నాయిన ఇంకెప్పుడూ సంఘంల లేచి మాట్లాడడు. నువ్వు చెప్పాలె."

"నువ్వు చెప్తే..."

"నా మాట నమ్ముతరా? నాయినను కాపాడుకునేతందుకు అంటుందంటరు."

నేను గోడ ముందుకు వెళ్లి నిలబడ్డాను. ప్రొజెక్టర్ వెలుగు నా ముఖం మీద పడింది. ముప్పై ఒకటో లైను నా నుదుటి మీద ఉండి ఉంటుంది.

"పెద్దయ్యా, అమావాస్య ఏం చెయ్యలే," అన్నాను. "నేను చేసిన."

కుర్చీలు ఆగాయి.

"అమావాస్య నాడు నాడె కనబడకుండ నేనే రాసిన. తమాషాకు. ఆట మొత్తం పడిపోతదని తెల్వదు. బసవయ్య కాకది తప్పు లేదు. గీతది అసలే లేదు."

"నీ అయ్య..." అని మొదలుపెట్టి పెంటయ్య ఆగాడు. "ఇంత మందిని కూసోవెట్టి తమాషానా? మరి పొద్దుగాల్నే ఎందుకు చెప్పకపోతివి?"

అప్పుడు నేను ఒక మాట అన్నాను.

"మర్చిపోయిన పెద్దయ్యా. ఎప్పుడో రాసింది. ఇప్పుడు గీత అడిగినంకనే యాదికొచ్చింది."

హాలు కొంచెం మెత్తబడింది. మర్చిపోవడం అందరికీ తెలిసిన జబ్బు. "పిల్లగాడు," అన్నారెవరో. చేతులు జోడించిన ముసలాయన చేతులు విప్పుకొని, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు కూర్చున్నాడు.

గీత కూర్చొని అందరి ముందే సరిచేసింది. నా ఫైలులో తేదీ చూసే లైన్లు తీసేసింది. నాడె ఇక ఏ రోజైనా ఉంటుంది. తర్వాత తన ముప్పై ఒకటో లైనుకు పైన ఇంకో మాట చేర్చింది: నాడె ఉందో లేదో ముందు చూడు, ఉంటే బొమ్మ తీసుకో, లేకపోతే ఉత్త బొమ్మ పెట్టి, లేదని చిట్టాలో రాసి ముందుకు పో.

"తీసేసినవు కద, మళ్ల అదెందుకు?" అన్నాను.

"నువ్వు ఇంకా బతికే ఉన్నవు కద," అంది తల తిప్పకుండా.

అది నిజమో కాదో చూడటానికి, కాపీ లోకంలో నా నాడెను కావాలని ఆపేసి ఒకసారి నడిపింది. ఉత్త బొమ్మతో తెరుచుకుంది. నాడెను మళ్లీ పెట్టి, తేదీని ఇవాళ్టిదే ఉంచి, అసలు లోకాన్ని తెరిచింది.

బసవయ్య అంచు గోడ నిండా పరుచుకుంది. దిమ్మె పక్కన దిమ్మె, ఎరుపు మీద జరీ. ఆయన కళ్లజోడు పెట్టుకొని దగ్గరికి వెళ్లాడు. గోడను వేలితో తడిమాడు.

"ఇగో, ఈడ తప్పింది," అన్నాడు. "అంచు పోగు నడుమ పోగును పట్టుకోవాలె. గిట్ల ఇడిసిపెడితే చీర రెండు తునకలైతది."

"ఏ గడి నాయినా?"

"ఇది. ఆఁ, గట్ల. ఇంకోటి ముందుకు."

ముందు ఒకరు లేచి "ఆ కమలం ఇంకొంచెం లావుండాలె" అన్నారు. తర్వాత ఇంకొకరు లేచారు. బీడీకి పోయినవాళ్లు తిరిగొచ్చారు. కొంతసేపటికి గోడ ముందు ఎంతమంది ఉన్నారంటే ప్రొజెక్టర్ వెలుగు గోడను చేరడం మానేసి వాళ్ల వీపుల మీదే చీర నేసింది.

పెంటయ్య దానియేలును పిలిచాడు.

"నూలు వరండాల దించుమను. తార్పాలిన్ కప్పుదాం. గది పిల్లకియ్యి."

దానియేలు తాళంచెవులు తెచ్చాడు. రెండున్నాయి. ఒకటి గీత చేతిలో పెట్టాడు. బసవయ్య ముఖం పక్కకు తిప్పుకొని కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఇంకోటి ఈ పిల్లగానికియ్యి," అన్నాడు పెంటయ్య. "మర్చిపోయిండు, కని నిలవడి ఒప్పుకున్నడు. ఆదివారాలు వచ్చి పిల్లకు సాయం చెయ్యి. ఈసారి యాదుంచుకో."

తాళంచెవి నా అరచేతిలో పడింది. వేళ్లు మూయబోయాను.

"తిరుపతీ," అంది గీత. "నిజంగ మర్చిపోయినవా?"

హాల్లో అందరూ చీర చూస్తున్నారు. "అవును" అంటే సరిపోతుంది. పొద్దుటి నుంచి నేను పెట్టిన ముఖాల్లో ఏదో ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది. కానీ ఆమె ఇక ఒక్కొక్కటీ వెతకడం లేదు. తెర మూలన తేదీని చూసినట్టు నన్ను చూస్తోంది.

"లేదు," అన్నాను.

పెంటయ్య ఇటు తిరిగాడు. బసవయ్య కూడా.

"నువ్వు అమావాస్య అని రోజు చెప్పిన్నాడే యాదికొచ్చింది. బస్సుల గుడ యాదికుండె. నువ్వు నాడెకు వెతుకుతుంటే చూద్దామనే వచ్చిన. ఆట పడిపోయినప్పుడు గుడ నేనే అని ఎరుకే. మీ నాయిన తప్పైందని లేచి నిలవడ్డప్పుడు గుడ ఎరుకే."

నేను తాళంచెవిని తిరిగి దానియేలు చేతిలో పెట్టాను.